అంతే నాన్నా

మా అమ్మాయి హైదరాబాదు నుంచి ఫోనులో ఒక చీటీ పంపింది. సూత్రం అంటే అక్షరాలు తక్కువగా ఉండాలి, సందేహానికి తావు ఉండకూడదు అన్నారు పెద్దలు. మొదటి షరతులో మా అమ్మాయి పాణిని పక్కన కూర్చోగలదు. రెండో షరతు సంగతి మీరే చదివి చెప్పండి.

"నాన్నా, ఇకనుంచి కరెంటు బిల్లు ఫోనులో నువ్వే కట్టేయి. డబ్బులు పంపే యాప్ తెరిచి కిందికి జరిపితే బల్బు బొమ్మ ఉంటుంది, నొక్కు. మన కరెంటు సంస్థ పేరు ఎంచుకో. సర్వీసు నంబరు కొట్టు. పేరు సరిచూసుకుని పిన్ నొక్కు. అంతే నాన్నా, రెండు నిమిషాల పని."

ఆ "అంతే" దగ్గరే నాకు ఒళ్ళు మండింది. ఈ మాట నేను జీవితంలో చాలాసార్లు విన్నాను. సూది చేతిలో పట్టుకుని డాక్టరు అంటాడు. పొలం కాగితాల మీద ఇంకొక్క సంతకం చాలని ఆఫీసులో గుమాస్తా అంటాడు. అన్నవాడికి అక్కడితో పని అయిపోతుంది, విన్నవాడికి అక్కడినుంచి మొదలవుతుంది. కాళిదాసు రాసి వెళ్ళిపోతే అర్థం చెప్పడానికి మన మల్లినాథసూరి దొరికాడు. మా అమ్మాయి చీటీకి దిక్కులేదు కాబట్టి వ్యాఖ్యానం నేనే రాస్తున్నాను.

బల్బు బొమ్మ దొరికింది. అందులో పేచీ లేదు. కరెంటు లేని సమయంలో వెతికాను కాబట్టి ఇల్లంతటికీ వెలిగిన బల్బు అదొక్కటే.

సంస్థ పేరు ఎంచుకోవాలట. ఆంధ్రప్రదేశ్‌లో ఇవి మూడున్నాయి. తెర మీద APEPDCL, APSPDCL, APCPDCL అని ఒకదాని కింద ఒకటి నిలబడి ఉంటాయి. ఆరేసి అక్షరాలు ఉమ్మడి ఆస్తి, మధ్యలో ఒక్క అక్షరం సొంతం. తూర్పుకు ఒకటి, దక్షిణానికి ఒకటి, మధ్యకు ఒకటి. మధ్యది 2019 చివర్లో దక్షిణం నుంచి వేరుపడింది. అన్నదమ్ములు విడిపోతే కనీసం ఇంటి ముందు గోడ కడతారు, ఊళ్ళో వాళ్ళకు ఆనవాలు దొరుకుతుంది. వీళ్ళు ఒక అక్షరం మార్చుకుని ఊరుకున్నారు. పాత బిల్లు చూసి ఎంచుకున్నవాడికి తన నంబరు అందులో దొరకదు. బిల్లు నెత్తిన ఏ అక్షరముందో చూసుకోవాలన్న ముక్క చీటీలో లేదు. మాది ఏ సంస్థో నేను చెప్పను. ఆ నంబరు పట్టుకుని రేపు కూడా బతకాల్సినవాడిని.

ఇక సర్వీసు నంబరు. ఈ ఘట్టాన్ని కొంచెం నిదానంగా చదవమని మనవి.

బిల్లు మీద మీటరు నంబరు ఉంటుంది, బిల్లు నంబరు ఉంటుంది, పోయిన నెల రీడింగు, ఈ నెల రీడింగు, తేదీలు, బాకీలు ఉంటాయి. వాటి మధ్యలో 13 అంకెల సర్వీసు నంబరు దాక్కుని ఉంటుంది. కాగితం చూస్తే వేడి తగిలి అక్షరం తేలే రకం. చొక్కా జేబులో రెండు రోజులు పెట్టుకుంటే చెమటకు, ఎండకు అక్షరాలు వెలిసిపోయి పెళ్ళినాటి పట్టుచీర అంచులా కనిపిస్తాయి. దాన్ని మా ఆవిడ వాకిట్లో సూర్యుడికి ఎదురుగా పట్టుకుని చదవాలి, నేను అరుగు మీద కూర్చుని కొట్టాలి. పని విభజన అలా జరిగింది.

"మూడు సున్నాలు" అంది. నేను మూడు కొట్టి, సున్నా కొట్టాను. చివరికి వచ్చేసరికి ఒక అంకె తక్కువ, యాప్ ఒప్పుకోలేదు. మొదటినుంచి మళ్ళీ. ఈసారి సున్నాలు మూడూ సవ్యంగా పడ్డాయి. చిట్టచివర "రెండు ఏడు" అంది. ఇప్పటికి నాకు జ్ఞానోదయమై ఉంది కదా, మూడు సున్నాలంటే మూడుసార్లు సున్నా అని. రెండు ఏడు అంటే రెండుసార్లు ఏడు. 77 కొట్టాను. ఆవిడ చదివింది 27.

ఇక్కడే అసలు సూక్ష్మం ఉంది. మూడు సున్నాల తప్పు దొరికిపోతుంది, ఎందుకంటే అంకెల లెక్క తగ్గుతుంది. రెండు ఏడు తప్పు దొరకదు. 13కి 13 ఉన్నాయి, యాప్ సంతోషంగా తలుపు తీస్తుంది. ఒకే ఊరి సర్వీసులకు ముందు అంకెలన్నీ ఒకటే, తేడా చివర్లోనే. కాబట్టి చివరి అంకెల్లో ఒకటి తప్పితే ఎక్కడో కాశీలో ఉన్నవాడి బిల్లు రాదు, పక్కవాడి బిల్లే వస్తుంది.

పేరు సరిచూసుకోమంది కదా అంటారు. సరిచూశాను. మా మీటరు ఇప్పటికీ మా నాన్న పేరు మీదే ఉంది. ఆయన పోయి ముప్పై ఏళ్ళు. పేరు మార్పించుకోవాలంటే మరణ ధ్రువపత్రం, ఇంటి కాగితం, తోబుట్టువుల అంగీకారం అంటారు కాబట్టి ఆయన్నే కొనసాగిస్తున్నాం. మా నాన్నవీ చిన్నాన్నవీ పేర్లు రెండూ వెంకటతోనే మొదలవుతాయి, ఇంటిపేరు ఎలాగూ ఒకటే. తెర మీద ఇంగ్లీషులో వెంకట వరకు వచ్చి, తర్వాత చోటు చాలక మూడు చుక్కలు వచ్చాయి. ఆ మూడు చుక్కల్లో మా నాన్న ఉన్నాడో చిన్నాన్న ఉన్నాడో పోల్చుకోవడం కన్నకొడుకు వల్ల కాలేదు. 640 రూపాయలు చూపించింది. కాగితం మీద 412 అని లీలగా ఉన్నట్టుంది, కానీ పాత బాకీ ఏదో కలిసి ఉంటుందిలే అనుకుని పిన్ నొక్కాను. ఆకుపచ్చ టిక్కు పడింది. మా ఆవిడ కాఫీ ఇచ్చింది.

చిన్నాన్న కొడుకు ఆ నెలంతా ప్రభుత్వాన్ని పొగుడుతూ తిరిగాడు. తన బిల్లు మాఫీ అయిందట.

పేరుతో పాటు మొత్తం కూడా కాగితం మీది అంకెతో సరిపోవాలి, సరిపోకపోతే పిన్ దాకా వెళ్ళకూడదు. చీటీలో ఈ ఒక్క వాక్యం పట్టేది. ఒక సర్వీసుకు జమైన డబ్బును వెనక్కి రప్పించుకోవడం కంటే తమ్ముడి దగ్గర వసూలు చేసుకోవడం తేలిక. వాడూ విడతలవారీగా ఇస్తున్నాడు.

నా 412 కట్టడానికి మళ్ళీ కూర్చున్నాను. ఈసారి అంకెలు కుదిరాయి, పేరు కుదిరింది, మొత్తం కుదిరింది. డబ్బు బ్యాంకు నుంచి కదిలింది. టిక్కు మాత్రం పడలేదు. పసుపురంగు గడియారం బొమ్మ తిరుగుతోంది. మా ఆవిడ "మళ్ళీ కట్టండి" అంది. ఇక్కడే చాలామంది రెండోసారి కట్టేస్తారు. కట్టకూడదు. డబ్బు బ్యాంకు దాటింది, కరెంటు సంస్థ నుంచి అందిందన్న కబురు రాలేదు, ఆ బొమ్మకు అంతే అర్థం. కబురు వస్తే టిక్కు పడుతుంది, రాకపోతే డబ్బు తిరిగి మన ఖాతాలో పడుతుంది. తొందరపడి రెండోసారి కట్టినా, అదనపు డబ్బు మామూలుగా వచ్చే నెల బిల్లులో సర్దుబాటవుతుంది. అంటే మనం కరెంటు సంస్థకు అప్పిచ్చినట్టు, వడ్డీ లేకుండా.

మా గడియారం మర్నాటికి టిక్కు అయింది. ఆ మర్నాడే లైన్‌మన్ నిచ్చెనతో సహా వచ్చాడు. అతని చేతిలో బాకీదారుల పట్టిక, అది నా టిక్కు కంటే ముందు అచ్చయింది. నేను ఫోను చూపించాను. మధ్యాహ్నం ఎండలో ఫోను తెర అద్దంలా తయారై, అందులో అతని ముఖమే అతనికి కనిపించింది. "కాగితం ఏదైనా ఉందా అండీ?" అన్నాడు. మంచివాడు, వెళ్ళిపోయాడు. అప్పటినుంచి నేను లావాదేవీ కింద కనిపించే 12 అంకెల నంబరును క్యాలెండరు చింపిన ముక్క మీద రాసి, మా నాన్న కాలం నుంచి బిల్లులు గుచ్చుతున్న ఇనుప తీగకు గుచ్చుతున్నాను.

ఇది చీటీకి రెండో కూర్పు అని చెప్పడం మరిచాను. మొదటి కూర్పు 2024 జూన్‌లో వచ్చింది. నేను కంఠస్థం చేశాను. జూలై మొదట్లో, రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం చెల్లింపులు భారత్ బిల్ పేమెంట్ వ్యవస్థ గుండానే జరగాలని, కాబట్టి ఆ యాప్‌లలో కాకుండా మా సొంత యాప్‌లోనో వెబ్‌సైటులోనో కట్టండని రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కరెంటు సంస్థలు ప్రకటించాయి. తర్వాత ఆ వ్యవస్థలో చేరాక పాత దారి తెరుచుకుంది. మూసింది వాళ్ళు, తెరిచింది వాళ్ళు, మధ్యలో కొత్త యాప్, కొత్త పాస్‌వర్డ్ నేర్చుకుని మరిచిపోయింది నేను.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. చీటీలో ఇంకో మాట ఉంది. "పిన్ నొక్కు." ఎప్పుడు నొక్కకూడదో లేదు.

ఎదురింటి పిన్నికి ఒక సాయంత్రం ఫోనులో కబురు వచ్చింది. పోయిన నెల బిల్లు నమోదు కాలేదు, ఈ రాత్రి 9:30కి కనెక్షన్ తీసేస్తాం, వెంటనే ఈ ఆఫీసరుకు ఫోను చేయండి. దేశమంతా తిరుగుతున్న కబురే ఇది. పిన్ని బిల్లు కట్టింది. కట్టినట్టు చూపడానికి చేతిలో కాగితం లేదు, అడగడానికి ఎదురుగా మనిషి లేడు. ఇదివరకు నెలకోసారి ఒక మనిషి వచ్చి పంచాయతీ ఆఫీసు దగ్గర బల్ల వేసుకుని కూర్చునేవాడు. డబ్బు తీసుకుని రసీదు రాసిచ్చేవాడు, చిల్లర లేదని విసుక్కునేవాడు. ఆ బల్ల తీసేశారు. అందుకని పిన్ని ఆ నంబరుకే చేసింది. అవతలివాడు "అమ్మా" అన్నాడు. తెలుగులో, ఓపికగా, ఒక్కసారి కూడా విసుక్కోకుండా, ఒక యాప్ దించుకోమన్నాడు. దాంతో పిన్ని తెర మొత్తం వాడికి కనిపిస్తుంది. నమోదు కోసం పది రూపాయలు కట్టండి, పిన్ నొక్కండి అన్నాడు. నొక్కింది. పాలు పోసి రెండేళ్ళు దాచుకున్న డబ్బు, గేదె కొనడానికని, రాత్రి 9:30 కాకముందే పోయింది.

కరెంటు మాత్రం పోలేదు.

అప్పుడు సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయాలని, ఎంత తొందరగా చేస్తే అంత మేలని మాకు తెలిసేసరికి తెల్లారింది. వాళ్ళ కొడుకు ఫోనులో "ఆ మాత్రం తెలియదా?" అని తల్లిని తిట్టాడు. ఆమెకు ఎవరు చెప్పారు? బల్ల తీసేసినవాళ్ళు చెప్పారా? ఖర్చు కలిసివచ్చిందని లెక్కలు రాసుకుంటారే, ఆ లెక్కలో ఈ గేదె ఏ పద్దు కింద ఉంది? ఇన్నేళ్ళలో మా వీధికి ఫోను చేసి మర్యాదగా తెలుగులో మాట్లాడిన కరెంటు ఆఫీసరు ఒక్కడే, వాడు దొంగ. వాడిని నమ్మినందుకు మేం తెలివితక్కువవాళ్ళం, మాకు ఇంకెవరినీ మిగల్చనివాళ్ళు ఆధునికులు!

మా అమ్మాయి మీద నాకు కోపం లేదు. తన ఆఫీసులో మధ్యాహ్నం అన్నం తింటూ ఎడమచేత్తో కొట్టిన చీటీ అది. బదులు ఇలా పంపాను:

"అమ్మా, ఈ నెల బిల్లు కట్టాను. చివర 27, చూసుకునే కొట్టాను. మొత్తం 398, కాగితంతో సరిపోయింది. తాతయ్య పేరే వచ్చింది. ఈ రాత్రి కరెంటు తీసేస్తామని నాకూ ఒక కబురు వచ్చింది, చెరిపేశాను. మనం డబ్బు పంపేటప్పుడు తప్ప పిన్ నొక్కకూడదని పిన్నికి, వీధిలో వాళ్ళందరికీ చెబుతున్నాను. నీ చీటీలో ఆ మాట కలిపి మళ్ళీ పంపు, వాళ్ళకు చదివి వినిపిస్తాను. పండక్కి వచ్చేటప్పుడు ఒక ఇనుప తీగ తీసుకురా. పాతది నిండిపోయింది."

"తీగ ఎందుకు నాన్నా?" అని బదులిచ్చింది.