సవరణ: లోపం నిర్మాణంలో కాదు, ప్రోత్సాహకంలో ఉంది

విలీనమైన రొయ్యల కంపెనీలపై నా విశ్లేషణకు వచ్చిన ప్రశ్న: “కొనుగోలుకు ఇద్దరు మేనేజర్లు ఉండటమే సమస్య అని రాశారు. ఒకరే మిగిలాక కూడా చిన్న రొయ్యలే ఎందుకు వస్తున్నాయి?”

నా నిర్ధారణ తప్పు. నెల్లూరు, ఒంగోలు రొయ్యల కంపెనీల విలీనంలో సంస్థను విశ్లేషించే మెకిన్సీ పద్ధతిలోని ఏడు ‘ఎస్’లలో, అంటే వ్యూహం, నిర్మాణం, వ్యవస్థలు, ఉమ్మడి విలువలు, శైలి, సిబ్బంది, నైపుణ్యాలలో, నిర్మాణం ఒక్కదాన్నే చూశాను. వాటిని జతలుగా పోల్చి చూడవలసింది. కొత్త వ్యూహం కిలోకు 30 తూగే పెద్ద రొయ్యలు కోరుతోంది. ఒంగోలు సిబ్బందికి ప్రోత్సాహకం మాత్రం ఇప్పటికీ కొన్న టన్నులను బట్టే అందుతోంది. అందుకే వాళ్లు కిలోకు 60 తూగే చిన్నవీ కొంటున్నారు. ప్రోత్సాహక వ్యవస్థ వ్యూహానికి ఎదురు నడుస్తోంది. ఇందులో వాళ్లను తప్పుపట్టడం అన్యాయం.

ఒక పంటకాలం ప్రోత్సాహకాన్ని సైజుకు ముడిపెట్టి చూడండి. అప్పటికీ కొనుగోలు మారకపోతే నైపుణ్యాన్ని, అంటే చెరువు గట్టున సైజు అంచనా వేసే తీరును పరిశీలించాలి.