మొత్తం సరిపోయింది, లెక్క మాత్రం తప్పు

షాపు తలుపు దగ్గర కెమెరా బిగించి, వీడియోలో ఊహా గీత ఒకటి గీసి, దాన్ని దాటి లోపలికి వచ్చినవాళ్లని లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్ ఇప్పుడు కొత్తేమీ కాదు. షాపులు నడిపేవాళ్లు దాన్ని కొంటున్నారు, చదువుకునే పిల్లలు ప్రాజెక్టుగా రాస్తున్నారు. "మనుషుల్ని గుర్తుపట్టే మోడల్ మంచిదైతే చాలు, మిగతాది ఒక గీతే కదా" అనే మాట రెండు వైపులా వినిపిస్తుంది. నేను దీంతో ఏకీభవించను. తలుపు దగ్గరి వెలుతురులో మనిషిని గుర్తుపట్టడం ఇవాళ చాలావరకు సాధ్యమైన పనే. లెక్క ఎక్కువగా చెడేది ఆ గీత దగ్గరే. పైగా ఆ తప్పు రాత్రి షాపు మూసేటప్పుడు చేసే సరిచూపులో బయటపడదు.

ముందు గీత ఎలా పనిచేస్తుందో చూద్దాం. ప్రతి ఫ్రేమ్‌లో డిటెక్టర్ ఒక్కో మనిషి చుట్టూ ఒక బాక్స్ గీస్తుంది. ట్రాకర్ ఈ ఫ్రేమ్‌లోని బాక్స్‌నీ ముందు ఫ్రేమ్‌లోని బాక్స్‌నీ జతచేసి, ఆ మనిషికి ఒక ఐడీ ఇస్తుంది. బాక్స్ అడుగు అంచు మధ్య బిందువుని పాదాల చోటుగా తీసుకుంటాం. గీత రెండు కొసలు (x1,y1), (x2,y2), ఆ బిందువు (px,py) అనుకుంటే, బిందువు గీతకి ఏ పక్కన ఉందో చెప్పే సూత్రం ఇది:

```
side = (x2-x1)*(py-y1) - (y2-y1)*(px-x1)
```

గీత (100,300) నుంచి (500,300) దాకా అడ్డంగా ఉందనుకుందాం. కెమెరా షాపు లోపల ఉండి తలుపు వైపు చూస్తోంది. లోపలికి వచ్చేవాళ్లు బొమ్మలో పై నుంచి కిందికి దిగుతారు, వీడియోలో y విలువ కిందికి పోయేకొద్దీ పెరుగుతుంది. పాదం (320,280) దగ్గరున్నప్పుడు side విలువ -8000. కాసేపటికి అదే మనిషి (325,310) దగ్గరికి వస్తే +4000. గుర్తు మారింది కాబట్టి ఒకరు లోపలికి వచ్చారు. ఒక జాగ్రత్త అవసరం. ఈ సూత్రం గీతని రెండు వైపులా అంతు లేకుండా పొడిగించి చూస్తుంది. అందుకని ఆ మనిషి నడిచిన దారి నిజంగా 100కీ 500కీ మధ్యనే గీతని కోసిందో లేదో విడిగా చూడాలి. లేకపోతే పక్కన అరల మధ్య తిరిగే కస్టమర్ కూడా కొత్తగా వచ్చినట్టు నమోదవుతాడు.

ఇప్పుడు గుమ్మంలో ఆగిపోయిన మనిషిని తీసుకోండి. ఫోన్ మాట్లాడుతూనో, వెనక వచ్చేవాళ్ల కోసమో గీత మీదే నిలబడ్డాడు. మనిషి కదలకపోయినా బాక్స్ ఫ్రేమ్‌కీ ఫ్రేమ్‌కీ రెండు మూడు పిక్సెళ్లు ఊగుతుంది. పాదం y విలువ 298, 302, 299, 303 అని వస్తే గుర్తు మూడుసార్లు మారుతుంది. యంత్రం దాన్ని లోపలికి, బయటికి, మళ్లీ లోపలికి అని రాసుకుంటుంది. వచ్చింది ఒక్కరే, కానీ రాకలు 2, పోకలు 1. తేడా మాత్రం 1, అంటే సరిగ్గానే ఉంది!

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. చాలామంది రాత్రి చేసే పరీక్ష ఒక్కటే: వచ్చినవాళ్లలోంచి పోయినవాళ్లని తీసేస్తే సున్నా రావాలి. ఒకే ఐడీ గీత మీద ఎన్నిసార్లు ఊగినా ఆ తేడా చెడదు, చెడేది రాకల సంఖ్య. యజమానికి కావలసింది మాత్రం రాకల సంఖ్యే, ఎందుకంటే బిల్లుల్ని దానితో భాగించి ఎంతమంది కొన్నారో చూసుకుంటాడు. 100 బిల్లులు, 400 రాకలు అంటే 25 శాతం. ఆ 400లో 80 ఊగిసలాట వల్ల వచ్చినవైతే అసలు సంగతి 31 శాతానికి పైనే. సేల్స్ వాళ్ల మీద అనవసరంగా విసుక్కున్నట్టే కదా.

రెండో తప్పు దీనికి తిరగేసినది. ఒకరు వస్తూ, ఇంకొకరు పోతూ గీత దగ్గర ఒకరినొకరు దాటుకున్నారు. ఒక్క క్షణం ఒకరి బాక్స్ ఇంకొకరి బాక్స్‌ని కప్పేసింది. విడిపోయేసరికి ట్రాకర్ ఇద్దరి ఐడీలనీ తారుమారు చేసింది. ఇప్పుడు దాని దృష్టిలో ఇద్దరూ గీత దాకా వచ్చి వెనక్కి తిరిగిపోయారు. రాకలు 0, పోకలు 0. రాత్రి పరీక్షకి ఇదీ దొరకదు. ఫ్రేమ్‌లు తక్కువైతే ఇది ఎక్కువవుతుంది. మామూలు నడక సెకనుకి 1.4 మీటర్లనుకుంటే, సెకనుకి 25 ఫ్రేమ్‌ల వీడియోలో మనిషి ఒక్కో ఫ్రేమ్‌కీ ఆరు సెంటీమీటర్లు కూడా జరగడు. 5 ఫ్రేమ్‌లకి తగ్గిస్తే 28 సెంటీమీటర్లు జరుగుతాడు. బాక్సులు ఎంత ఒకదాని మీద ఒకటి పడుతున్నాయో చూసి జతచేసే ట్రాకర్‌కి అప్పుడు ఎవరు ఎవరో తేల్చుకోవడం కష్టం. స్టోరేజ్ మిగుల్చుకుందామని ఫ్రేమ్‌లు తగ్గించేవాళ్లు ఈ లెక్క చూసుకోవాలి.

ఊగిసలాటకి మందు సులువు. ఒక్క గీత బదులు రెండు గీతలు, ఉదాహరణకి 270 దగ్గర ఒకటి, 330 దగ్గర ఒకటి. 270కి పైన కనిపించిన ఐడీ 330 దాటాకే ఒక రాక. మధ్యలో ఎంతసేపు నిలబడినా లెక్క కదలదు. ఎడం ఎంత ఉండాలంటే, ఆ కెమెరాలో కదలకుండా నిలబడ్డ మనిషి బాక్స్ ఎంత ఊగుతుందో చూసి, దానికి చాలా రెట్లు పెట్టుకోవాలి. మరీ వెడల్పు చేస్తే ఐడీ మధ్యలోనే తెగిపోయే ప్రమాదం పెరుగుతుంది. తెగి, రెండు గీతల మధ్య కొత్తగా పుట్టిన ఐడీ ఎటు నుంచి వచ్చిందో తెలియదు. సెకను లోపల ఆ దగ్గర్లోనే పోయిన పాత ఐడీ ఉంటే దాని చరిత్రని దీనికి అంటగట్టడం నాకు తెలిసిన మంచి పద్ధతి.

ఐడీల తారుమారుకి అంత సులువైన మందు లేదు. కెమెరాని నడినెత్తిన పెడితే ఒకరినొకరు కప్పుకోవడం చాలా తగ్గుతుంది. చాలామంది ఇదివరకే ముఖాలు కనిపించేలా వాలుగా పెట్టిన సెక్యూరిటీ కెమెరానే దీనికీ వాడాలనుకుంటారు. నా సలహా, వద్దు. ముందున్న మనిషి వెనకున్న వాళ్ల కాళ్లని దాచేస్తే బాక్స్ అడుగు అంచు చటుక్కున పైకి జరుగుతుంది, లోపలికి వచ్చినవాడు వెనక్కి పోయినట్టు కనిపిస్తాడు. లెక్కకి ముఖాలతో పనీ లేదు. నెత్తి మీది కెమెరాలో అవి సరిగ్గా కనపడకపోవడం కస్టమర్లకీ మంచిదే.

అందుకే అమ్మేవాళ్లు చూపించే కచ్చితత్వం శాతం కంటే, అది ఎలా కొలిచారని అడగడం ముఖ్యం. బాగా రద్దీగా ఉన్న పావుగంట వీడియో తీసుకుని, ఎవరైనా ఒకరు కూర్చుని ప్రతి రాకకీ టైము రాసుకోవాలి. తర్వాత యంత్రం రాసుకున్న టైములతో ఒక్కొక్కటిగా జతచేయాలి, రెండు సెకన్ల తేడా దాకా సర్దుకోవచ్చు. చేతిలెక్క 40, యంత్రం లెక్క 40 అని వచ్చిందనుకోండి. జతపడినవి 34 మాత్రమే అయితే ఆరుగురిని వదిలేసి, లేని ఆరుగురిని కలిపింది. కాగితం మీద నూరు శాతం, నిజానికి 85. రద్దీ తగ్గిన గంటలో వదిలేసినవీ కలిపినవీ ఇలాగే సమంగా ఉండాలని లేదు, అప్పుడు మొత్తం కూడా తప్పుతుంది. సాఫ్ట్‌వేర్ ప్రతి రాకకీ టైము ఇవ్వకుండా గంటకోసారి మొత్తం మాత్రమే ఇస్తుందంటే నేనైతే కొనను.

ఈ పరీక్ష ఒకసారి చేసి వదిలేసేది కూడా కాదు. ఎవరో తుడుస్తూ కెమెరాని కాస్త కదిపితే బొమ్మలో తలుపు జరుగుతుంది, గీత మాత్రం పాత పిక్సెళ్ల మీదే ఉంటుంది. యంత్రం ఏ ఎర్రరూ చూపించదు. మొదటి రోజు గీతతో సహా తీసిన ఫొటో ఒకటి దాచుకుని, వారానికోసారి ఇవాళ్టి ఫ్రేమ్ పక్కన పెట్టి చూస్తే గడప ఎంత జరిగిందో కంటికే తెలుస్తుంది. జరిగి ఉంటే ముందు గీతలు సరిచేసి, పావుగంట పరీక్ష మళ్లీ చేయాలి.