నా విలువ మైనస్ ఒకటి

గజపతినగరం వైపు ఒక హైస్కూల్లో పదహారేళ్లుగా లెక్కలు చెబుతున్నాను. నా జీతమెంతో తెలుసు, పీఎఫ్ లోన్ ఇంకా ఎన్ని వాయిదాలుందో తెలుసు. నా విలువ ఎంతో మాత్రం మొన్న వేసవి సెలవుల్లోనే తెలిసింది. మైనస్ ఒకటి.

ఇది తిట్టు కాదు, శాస్త్రం. పిల్లల మార్కులు ఎంత పెరిగాయో చూసి టీచరు విలువ కట్టే ఈ లెక్కను అమెరికాలో వాల్యూ యాడెడ్ అంటారు. టెన్నెసీ రాష్ట్రం 1992లోనే దీన్ని చట్టంలోకి ఎక్కించింది. ఆ లెక్క కట్టిన విలియం శాండర్స్ వ్యవసాయ విభాగంలో గణాంకాలు చూసిన మనిషి. ఏ ఆంబోతు సంతతి ఎన్ని పాలిస్తుందో తేల్చడానికి పశువుల వాళ్లు వాడే పద్ధతే టీచర్లకూ పనికొచ్చింది. మా సంతలోనైతే పశువును కొనేవాడు ముందు నోరు తెరిపించి పళ్లు చూస్తాడు. టీచర్లకు ఆ అవమానం తప్పింది, సంతోషం.

ఆలోచనలో న్యాయం ఉందని ఒప్పుకోవాలి. ఊరికే పాస్ పర్సెంటేజీ చూస్తే, ముందే బాగా చదివే పిల్లలు దొరికిన మాస్టారిదే గొప్పంతా. అందుకని ముందు ప్రతి పిల్లవాడి నిరుటి మార్కు తీసుకుని, అలాంటి మార్కు వచ్చిన పిల్లలకు మామూలుగా ఈ ఏడు ఎంత వస్తుందో అంచనా కడతారు. వచ్చిన మార్కులోంచి ఆ అంచనా తీసేస్తే మిగిలింది మాస్టారి ఖాతాలోకి. శిక్షణ తరగతిలో ఒకాయన ఇది చెప్పగానే నాకు ఆగలేదు. ఇంటికొచ్చి పాత నోటుబుక్కు తీసి నా విలువ నేనే కట్టుకున్నాను.

మా ఎనిమిదో తరగతిలో ఎనిమిది మందే. అంచనాకు ఒక సూత్రం పెట్టుకున్నాను: నిరుటి మార్కులో నూటికి ఎనభై వంతులు, పైన ఒక పది. అంటే ఏడో తరగతిలో 90 వచ్చిన పిల్లకు 82 చాలు, 35 వచ్చినవాడికి 38 రావాలి. పైవాళ్లు కాస్త దిగుతారు, కిందివాళ్లు కాస్త ఎక్కుతారు, ఏ పరీక్షలోనైనా జరిగేదే. ఏడుగురు నా పరువు నిలబెట్టారు. ఒక్కొక్కరు అంచనా కంటే ఒకటి నుంచి నాలుగు మార్కుల దాకా ఎక్కువ తెచ్చారు, మొత్తం పద్దెనిమిది. సగటున రెండున్నర పైచిలుకు. మా ఆవిడతో టీ పెట్టించుకున్నాను.

మిగిలింది ఎనిమిదోవాడు, 38 రావలసినవాడు. పరీక్షకు రెండు రోజుల ముందు సువర్ణరేఖ మామిడి చెట్టెక్కి, కింద పడి కుడిచేయి విరగ్గొట్టుకున్నాడు. మెడలోంచి పిండికట్టు వేలాడుతుంటే, నాలుక పక్కకు పెట్టి, ఎడం చేత్తో మూడు గంటలు రాశాడు. వాడి ఏడు ఒకటిలా ఉంది, ఒకటి గీతలా ఉంది, నాలుగు పేపరు దాటి బల్ల మీదకు వెళ్లిపోయింది. పన్నెండు మార్కులు వేయగలిగాను. మైనస్ ఇరవై ఆరు. పద్దెనిమిదిలోంచి ఇరవై ఆరు తీసేసి ఎనిమిదితో భాగిస్తే నా విలువ తేలింది. చెట్టు ఎక్కింది వాడు, కింద పడింది నేను.

"ఏటి మాస్టారూ, మీరు సదువు సెప్పడం మానేసినారా?" అన్నారు హెడ్మాస్టరు, నోటుబుక్కు చూసి.

"చెప్పానండీ, మామిడికొమ్మ వినలేదు."

నిజానికి అంత కంగారు అక్కర్లేదు. పిల్లల మార్కులు అంచనాకు అటూ ఇటూ ఓ పన్నెండు తప్పడం మామూలే అనుకుంటే, ఎనిమిది మంది సగటులో కేవలం అదృష్టం వల్లే నాలుగు మార్కుల ఊగు ఉంటుంది. దానికి రెట్టింపు దాకా అనుమానించాలని గణాంకాలవాళ్ల ఆచారం. అంటే నా అసలు విలువ మైనస్ తొమ్మిదికీ ప్లస్ ఏడుకీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. ఇంటింటికీ తిరిగే జాతకాలాయన కూడా ఇంత వెసులుబాటు ఉంచుకోడు. ఈ లెక్క పద్ధతిగా చేసేవాళ్లు కొద్దిమందే ఉన్న తరగతి విలువను సున్నా వైపు లాగేస్తారు, రెండు మూడేళ్ల మార్కులు కలిపి చూస్తారు. కానీ అలా చేస్తే టీచర్లను వరసపెట్టి నిలబెట్టే సరదా పోతుంది కదా.

విలువ పెంచుకునే దారి ఏదని రాత్రంతా ఆలోచించాను. ఎక్కువ చెప్పడం అన్నిటికంటే కష్టమైన దారి. సూత్రాన్ని మళ్లీ చూస్తే సులువైనది దొరికింది. ఏడో తరగతిలో ప్రతివాడికీ పది మార్కులు తగ్గితే, నా అంచనాలన్నీ ఎనిమిదేసి తగ్గుతాయి. సుద్దముక్క ముట్టకుండానే నా విలువ మైనస్ ఒకటి నుంచి ప్లస్ ఏడుకు చేరుతుంది. పైగా ప్రశ్నపత్రం అందరికీ ఒకటే అయినా, దిద్దేది ఎవరి బడిలో వాళ్లం. మర్నాడే ఏడో తరగతి లెక్కల మేడం దగ్గరికి వెళ్లాను.

"మేడం గారూ, ఈసారి కాస్త గట్టిగా దిద్దండి."

"గట్టిగా దిద్దితే నా విలువ ఏమైపోవాలండీ? నేను ఆరో తరగతి మాస్టారి కాళ్లు పట్టుకోవాలి. ఆయన ఐదో తరగతి వాళ్లని బతిమాలుకోవాలి."

ఈ లెక్కన బతిమాలుకుంటూ పోతే అంగన్వాడీ ఆయమ్మ దగ్గర తేలతాం. ఆమెకు ముందు మార్కులు లేవు కాబట్టి ఆమె ఒక్కతే నిశ్చింతగా గుడ్డు ఉడకబెట్టుకుంటుంది. చూస్తే మేడం గారి తప్పేమీ లేదు. ఆమె ప్రతివాడికీ పది కలిపితే ఆమెకు పది లాభం, నాకు ఎనిమిది నష్టం. పరీక్ష బయటివాళ్లు పెట్టి, బయటివాళ్లే దిద్దే చోట పుట్టిన లెక్క ఇది. మా స్టాఫ్ రూముకు తెస్తే చుట్టాల మధ్య చీట్లపేక అయిపోతుంది.

అమెరికాలో బయటివాళ్లు దిద్దినా తంటా తప్పలేదనుకోండి. జెస్సీ రోత్‌స్టీన్ అనే ఆర్థికవేత్త నార్త్ కరోలినా పిల్లల మార్కులు తీసుకుని లెక్కను వెనక్కి తిప్పాడు. ఐదో తరగతి టీచరు వల్ల ఆ పిల్లలకు నాలుగో తరగతిలో ఎంత మేలు జరిగిందో కట్టమన్నాడు. ఇంకా మొహం కూడా చూడని టీచరు వల్ల మేలు సున్నా రావాలి. లెక్క మాత్రం పెద్ద పెద్ద తేడాలే చూపించింది. ఆ వ్యాసం 2010లో అచ్చయింది. మనవాళ్లయితే పూర్వజన్మ సుకృతం అని సరిపెట్టుకునేవారు. ఆయన చూపిన కారణం వేరు. పిల్లల్ని ఏ సెక్షన్లో వేయాలో ఎవరూ చీటీలు తీసి తేల్చరు. చురుకైనవాళ్లను ఒక చోటికి, అల్లరివాళ్లను ఓపికున్న టీచరుకి, హెడ్మాస్టరు బావమరిది కొడుకును వాళ్ల నాన్న అడిగిన చోటికి పంపుతారు. ఆ సర్దుబాటు అంతా నిరుటి ఒక్క మార్కులో కనిపించదు. కనిపించనిదంతా టీచరు పేరున జమ అవుతుంది, లేకపోతే బాకీ పడుతుంది.

జూన్‌లో బడి తెరిచారు. కట్టు విప్పేసినవాడు తొమ్మిదిలో కూర్చున్నాడు. వాడి నిరుటి మార్కు పన్నెండు కాబట్టి ఈసారి అంచనా ఇరవైలోపే. కుడిచేత్తో రాస్తే ఎప్పట్లా 35 తెచ్చుకుంటాడు. ఎముక అతికించిన డాక్టరుకు పైసా విలువ చేరదు. తొమ్మిదో తరగతి మాస్టారికి మాత్రం వాడొక్కడి మీదే పదిహేను మార్కులు, తరగతి సగటున దాదాపు రెండు.

ఈ సంగతి ఆయనకు ఎవరు చెప్పారో తెలియదు. ఇంటర్వెల్లో వాణ్ని దగ్గరికి పిలిచి, చేయి పట్టుకుని, వేళ్లు ఒక్కొక్కటీ మడిచి చూస్తున్నారు.

"నొప్పి లేదు కదరా గుంటడా? మార్చి దాకా సెట్టు వైపు ఎల్లకు."