తిరుపతి పిల్లలకు వీకెండ్ సలహా వద్దు

విదేశాల్లో ఉన్న మనవాళ్లంతా ఊళ్లో చదువుకునే పిల్లలకు ఫోన్ చేసినప్పుడు ఇచ్చే సలహా ఒక్కటే: "వారమంతా కాలేజీ, పని చూసుకో, శనాదివారాలు కూర్చుని చదువుకో." తిరుపతిలో పార్ట్‌టైమ్ పని చేసే పిల్లలకు ఈ సలహా పనికిరాదు. అక్కడ శుక్రవారం సాయంత్రం నుంచి యాత్రికుల రద్దీ మొదలవుతుంది. శనివారం శ్రీవారికి ప్రీతికరమైన రోజు, ఆదివారం అందరికీ సెలవు. లాడ్జిలు, హోటళ్లు, బట్టల షాపులు ఆ రెండు రోజులే కిటకిటలాడతాయి. యజమాని సెలవివ్వని రోజులు కూడా అవే.

మా అక్క కొడుకు డిగ్రీ చివరి సంవత్సరం చదువుతూ, రైల్వే స్టేషన్ దగ్గర ఒక లాడ్జి రిసెప్షన్‌లో పని చేస్తూ, బ్యాంక్ క్లర్క్ పరీక్షకు తయారవుతున్నాడు. మొదట్లో రోజూ సాయంత్రం ఐదు నుంచి పదకొండు దాకా పని. అంటే వారానికి 42 గంటలు. "శనాదివారాలే కదా మామా మాకు అసలు పని" అని వాడు అన్నాకే ఇద్దరం కూర్చుని వారాన్ని మళ్లీ రాశాం.

మొదట తేల్చింది చదువు గంటలు కాదు, పని గంటలు. అమెరికాలో ఎఫ్-1 వీసా మీద చదివేవాళ్లకు క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదన్న నియమం ఉంది. ఊళ్లో పిల్లవాడికి అలాంటి అడ్డుకట్ట ఏదీ లేదు, తనకు తానే వేసుకోవాలి. మా వాడు యజమానితో మాట్లాడి, లాడ్జి కాస్త ఖాళీగా ఉండే సోమ, మంగళ, బుధవారాలు మానుకున్నాడు. గురు, శుక్రవారాలు ఐదు నుంచి తొమ్మిది, శనివారం నాలుగు నుంచి పది, ఆదివారం తొమ్మిది నుంచి మూడు. మొత్తం 20 గంటలు. జీతం తగ్గింది, ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఇక చదువు. సోమవారం నుంచి గురువారం దాకా తెల్లవారుజామున ఐదు నుంచి ఏడు వరకు బ్యాంక్ పరీక్ష లెక్కలు, రీజనింగ్. సోమ, మంగళ సాయంత్రాలు ఆరు నుంచి తొమ్మిది కాలేజీ సబ్జెక్టులు. శుక్ర, శని, ఆదివారాల్లో పొద్దున్నే లేవడం లేదు, నిద్రపోవాలి. పని నుంచి వచ్చిన రాత్రి పుస్తకం తెరవడం కూడా లేదు. ఆ వేళ చదివింది చదివినట్టు అనిపిస్తుందే గానీ పొద్దునకి గుర్తుండదు.

మాక్ టెస్ట్ ఆదివారం సాయంత్రం రాసేవాడు. డ్యూటీ దిగి అలసటతో రాస్తే మార్కులు పడిపోయేవి, ఆ టెన్షన్‌తో వచ్చిన చాప్టర్లే మళ్లీ తిరగేసేవాడు. ఇప్పుడు మంగళవారం పొద్దున రాస్తున్నాడు. ప్రిలిమ్స్‌లో 100 ప్రశ్నలు, గంట సమయం, మూడు విభాగాలకూ విడివిడిగా 20 నిమిషాలు, తప్పుకి పావు మార్కు కోత. రాసిన వెంటనే మిగిలిన గంటలో ఒక్కో తప్పునూ చూస్తాడు: ఇది రాక తప్పిందా, తొందరలో తప్పిందా, టైమ్ అయిపోతుందని గుడ్డిగా పెట్టిందా? రానిది ఉంటే ఆ చాప్టర్ బుధవారం పొద్దున చదువుతాడు. తొందరలో తప్పితే చాప్టర్ జోలికి పోడు, అవే లెక్కలు గడియారం పెట్టుకుని చేస్తాడు.

బుధవారం సాయంత్రం మాత్రం టైమ్ టేబుల్‌లో ఏమీ రాయలేదు. ఈ ఖాళీయే మొత్తం ఏర్పాటుకు ఆయువుపట్టు అని నా నమ్మకం. జ్వరం వచ్చినా, రికార్డు సబ్మిట్ చేయాల్సి వచ్చినా తప్పిపోయిన చదువు ఆ మూడు గంటల్లోకి వస్తుంది. అందులోనూ పట్టనిది వదిలేయాలి, వచ్చే వారానికి మోయకూడదు. ఒకే చాప్టర్ వరసగా మూడు వారాలు బుధవారానికి జారుతోందంటే వాడు బద్ధకించాడని కాదు, వారంలో పని ఎక్కువైందని.

బ్రహ్మోత్సవాల తొమ్మిది రోజులకు ఈ టైమ్ టేబుల్ నిలవదు. గరుడ సేవ నాడు పుస్తకం ముట్టుకునే వీలే ఉండదు. అప్పుడు వీలైన పొద్దుల్లో ఒక గంట లెక్కలు చేస్తే చాలు. సెమిస్టర్ పరీక్షలకు మాత్రం తేదీలు రాగానే ఆ కాగితం యజమానికి చూపించి సెలవు అడగాలి. వారం ముందు అడిగితే ఇంకో మనిషి దొరకడు.

ఇప్పుడు జీతం సంగతి. మనవాళ్లు చాలామంది కోచింగ్ ఫీజు పంపిస్తారు. ఆ పిల్లవాడికి కోచింగ్‌కి వెళ్లే టైమే లేనప్పుడు ఆ డబ్బు ఎందుకు పనికొస్తుంది? సోమ, మంగళ, బుధవారాలు పని మానుకున్నందుకు తగ్గే జీతం ఎంతో అడిగి, పరీక్ష అయ్యేదాకా నెలనెలా అది పంపండి. ఆదివారం రాత్రి ఫోన్ చేసి "ఎంత చదివావు" అని అడగకండి, ఆ రాత్రి వాడు పడుకోవాలి.