అరెకరా డ్రిప్ కిట్‌లో అరెకరా ఎంత?

రాప్తాడు దగ్గర మా చిన్నాన్న కొడుకు టమోటా తోటకని ఆన్‌లైన్‌లో ‘అరెకరా డ్రిప్ కిట్, కంప్లీట్ సెట్’ తెప్పించాడు. పెట్టె విప్పితే సాలు వెంట పరిచే, లోపలే డ్రిప్పర్లున్న 16 ఎంఎం ఇన్‌లైన్ ల్యాటరల్ పైపు చుట్టలు రెండు, ఒక్కోటి 500 మీటర్లు. వాటితో పాటు పైపు బెజ్జంలో బిగించే రబ్బరు గ్రోమెట్లు, వాటిలోంచి ల్యాటరల్‌ను కలిపే టేకాఫ్‌లు పాతికేసి, ఎండ్ క్యాప్‌లు, కొన్ని జాయినర్లు. అంతే.

వాడి మడి 45 మీటర్ల పొడవు, 45 మీటర్ల వెడల్పు. అచ్చంగా అరెకరం. సాలుకూ సాలుకూ మధ్య 1.2 మీటర్లు వదిలితే 37 సాళ్లు పడతాయి, వాటికి 1,665 మీటర్ల పైపు కావాలి. వచ్చిన వెయ్యి మీటర్లు 22 సాళ్లతో సరి. అమ్మినవాళ్లు అబద్ధమాడారని కూడా అనలేం. ఎడం రెండు మీటర్లు పెట్టుకుంటే అరెకరాకు ఇంచుమించు వెయ్యే చాలు. ఆ ఎడం ఎంతో చెప్పకపోవడంలోనే ఉంది కిటుకంతా. రాష్ట్ర సూక్ష్మసేద్య పథకం ఏపీఎంఐపీ ఇచ్చే సబ్సిడీ డ్రిప్‌లో ముందు పొలం కొలిచి, డిజైన్ వేసి, ఆ తర్వాతే సామాను లెక్క రాస్తారు. ఇక్కడ సామాను ముందొచ్చింది, కొలత తర్వాత.

ల్యాటరళ్లకు నీళ్లందించే సబ్‌మెయిన్ పైపు పెట్టలేదని నేను తప్పుపట్టను. ఆరు మీటర్ల పీవీసీ పైపులు కొరియర్‌లో ఎలా వస్తాయి? కానీ ‘63 ఎంఎం పైపు, ఫిల్టర్, గేట్‌వాల్వులు, గ్రోమెట్ సైజు డ్రిల్ బిట్ మీరే తెచ్చుకోవాలి’ అని ఒక్క వాక్యం రాయొచ్చు కదా. ఫొటోలో మాత్రం ఫిల్టర్ నిగనిగలాడుతూ ఉంది. బిట్ సంగతి తెలియక మావాడు ఇంట్లో ఉన్నదాంతో సబ్‌మెయిన్‌కు బెజ్జాలు వేశాడు. బెజ్జం కాస్త పెద్దదైంది, అంచులు చిట్లాయి. మోటారు వేయగానే ప్రతి గ్రోమెట్ దగ్గరా నీళ్లు చిమ్మాయి, సాలు చివర్న మొక్కల దగ్గర మన్ను తడవనే లేదు.

వాల్వులు ఎన్ని కావాలో అమ్మేవాడు చెప్పలేడు, అది బోరును బట్టి. కాకపోతే డ్రిప్పర్ గంటకు ఎంత వదులుతుందో రాస్తే మనమే లెక్కేసుకుంటాం. ఇది 40 సెంటీమీటర్లకొకటి, గంటకు 4 లీటర్లు. 37 సాళ్లూ ఒకేసారి పారాలంటే గంటకు 16,650 లీటర్లు కావాలి. మా బోరు దగ్గర 20 లీటర్ల బకెట్ 9 సెకన్లలో నిండింది, అంటే గంటకు 8,000. రెండు భాగాలు చేసినా నీళ్లు కొంచెం తక్కువపడతాయి కాబట్టి మూడు చేశాం, మూడు వాల్వులు.

మిగతా 15 సాళ్లకు పైపు అనంతపురంలో కొన్నాడు. డ్రిప్పర్ల ఎడం కిట్ వివరాల్లో ఎక్కడా లేదు, కొనేముందు వాడూ కొలవలేదు. అంగట్లో ఇచ్చింది 30 సెంటీమీటర్లది. ఇప్పుడు ఆ 15 సాళ్లకు మిగతావాటికంటే మూడో వంతు నీళ్లు ఎక్కువ పారుతున్నాయి.