ల్యాబ్ కోసేసిన చెయ్యి: అప్పుడు–ఇప్పుడు ఫొటోల కింద ఏం రాయాలి?

సంక్రాంతి సెలవులు అయ్యాయంటే వాట్సాప్‌లో కాలేజీ బ్యాచ్ గ్రూపులన్నీ జంట ఫొటోలతో నిండిపోతాయి. ఎడమవైపు రంగు వెలిసిన హాస్టల్ ఫొటో, కుడివైపు మొన్న కలిసినప్పుడు ఫోన్‌తో తీసుకున్నది. కింద చాలామంది రాసే క్యాప్షన్ ఒకటే: ‘అప్పుడు జుట్టు, ఇప్పుడు పొట్ట’. నాకు ఆ మాట నచ్చదు. స్నేహితులు నొచ్చుకుంటారన్నది ఒక కారణం. అది చాలాసార్లు నిజం కాదన్నది అంతకంటే పెద్ద కారణం.

మా ఇంజనీరింగ్ బ్యాచ్ సంగతే చెబుతాను. 2001 మార్చిలో, ఫైనలియర్ పరీక్షల ముందు, మెస్ వరండా మెట్ల మీద తొమ్మిది మందిమి ఒకే వరుసలో నిలబడి ఫొటో దిగాం. 2024 జనవరిలో అవే మెట్ల మీద, అదే వరుసలో మళ్లీ దిగాం. ఒకడు డల్లాస్ నుంచి రాలేకపోయాడు. వాడి చోటులోకి ఎవరూ జరగకుండా ఖాళీగా ఉంచాం. రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి గ్రూపులో వేయగానే వచ్చిన మొదటి మాట, ఎడమ చివర నిలబడ్డ మిత్రుడి మీద: ‘ఏరా, రెండింతలయ్యావు!’ వాడు నవ్వు బొమ్మ ఒకటి పెట్టి ఊరుకున్నాడు. రోజూ పొద్దున్నే ఐదు కిలోమీటర్లు నడిచే మనిషి. అప్పటికంటే ఏడెనిమిది కిలోలు పెరిగి ఉంటాడు, అంతే.

వాణ్ణి అంత లావుగా చూపించింది లెన్సు. ఆ రోజుల్లో మన చేతుల్లో ఉన్న చిన్న రీలు కెమెరాల్లో ఎక్కువగా 35 మిల్లీమీటర్ల లెన్సు ఉండేది. ఇప్పటి ఫోన్లలో ప్రధాన కెమెరా అదే కొలతలో చెప్పుకుంటే 24, 26 మధ్య ఉంటుంది. ఈ అంకె ఎంత తగ్గితే లెన్సుకు అంత ఎక్కువ వెడల్పు కనబడుతుంది. మా తొమ్మిది మందినీ పట్టించడానికి 2001లో కెమెరా పట్టుకున్నతను దాదాపు పద్నాలుగు అడుగులు వెనక్కి వెళ్లాల్సి వచ్చి ఉంటుంది. ఫోన్‌కు పది అడుగులే సరిపోయాయి. అంత దగ్గర నుంచి అంత వెడల్పు పట్టిస్తే మధ్యలో ఉన్నవాళ్లు మామూలుగానే ఉంటారు, అంచుల్లో ఉన్నవాళ్ల ముఖాలు, భుజాలు అడ్డంగా సాగుతాయి.

ఇది కనిపెట్టడం తేలికే. మా మెస్ వరండాకు గుండ్రటి స్తంభాలున్నాయి, అన్నీ ఒకే లావు. కొత్త ఫొటోలో మాత్రం అంచున ఉన్న స్తంభం మధ్యదానికంటే లావుగా పడింది. స్తంభం ఇరవై మూడేళ్లలో ఒళ్లు చేయదు కదా! స్తంభం సాగితే పక్కనున్న మనిషీ సాగినట్టే. మర్నాడు ఉదయం బస్సులు ఎక్కేలోపు ఇంకోసారి తీశాం. ఈసారి నాలుగడుగులు వెనక్కి వెళ్లి, ఫోన్‌లో జూమ్ 1.5x పెట్టాం. అలా పెడితే దాదాపు పాత లెన్సు చూపే వెడల్పే వస్తుంది. పాత ప్రింటు నాలుగు బై ఆరు అంగుళాలది, ఫోన్ ఫొటో అంతకంటే కొంచెం చదరంగా ఉంటుంది కాబట్టి పైనా కిందా కత్తిరించి రెండింటినీ ఒక ఆకారానికి తెచ్చాం. ‘రెండింతలు’ అన్నమాట గ్రూపులో మళ్లీ వినబడలేదు.

అందుకే మారినవాటిని క్యాప్షన్‌లో ఏకరువు పెట్టడం దండగ అంటాను. నెరిసిన జుట్టు, వచ్చిన కళ్లజోడు చూసేవాళ్లకు కనబడుతూనే ఉన్నాయి. క్యాప్షన్ పని, వాళ్ల కన్ను తనంతట తాను పట్టుకోలేనిదాన్ని చూపించడం. రెండు ఫొటోల్లోనూ ఉన్న చిన్న వస్తువో, ఒక భంగిమో, భుజం మీద చెయ్యో దొరికితే అక్కడే సరదా పుడుతుంది. అమెరికాలోని కాలిఫోర్నియాలో, కాప్కో అనే చెరువు దగ్గర ఐదుగురు స్నేహితులు 1982 నుంచి ఐదేళ్లకోసారి అదే చోట అదే తీరున కూర్చుని ఫొటో దిగుతూ వచ్చారు. ఆ వరుసను చూస్తున్నప్పుడు ముఖాల మీద ముడతల కంటే ముందు నేను వెతికేది, వాళ్లలో ఒకరి చేతిలో ఉండే గాజు సీసాని. అది కనబడగానే మనసు కుదుటపడుతుంది.

మా ఫొటోలో అలాంటిది ఏముందా అని రెండు రోజులు చూశాను. కుడి చివర ఒక మిత్రుడున్నాడు. 2001 ప్రింటులో వాడి కుడి భుజం, ఆ చెయ్యి లేవు. అంచు దగ్గర కోసుకుపోయాయి. ఎప్పుడూ ఆలస్యంగా వచ్చేవాడు కాబట్టి చివర్లో ఇరుక్కున్నాడనీ, ఫొటో తీసినవాడు చూసుకోలేదనీ ఇన్నేళ్లూ అనుకున్నాం. నేను మొదట రాసుకున్న క్యాప్షన్ కూడా దాని మీదే: ‘ఫ్రేములోకి పూర్తిగా రావడానికి వీడికి ఇరవై మూడేళ్లు పట్టింది.’ గ్రూపులో వేద్దామనుకుంటుండగా, ఆ రీలు నెగెటివ్‌లు నా దగ్గరే ఉన్నాయని గుర్తొచ్చింది.

ల్యాబ్‌వాళ్లు నాలుగేసి ఫొటోల ముక్కలుగా కత్తిరించి ప్లాస్టిక్ కవరులో పెట్టిచ్చేవారు, గుర్తుందా? ఆ కవరు పాత సర్టిఫికెట్ల ఫైలులో దొరికింది. ట్యాబ్లెట్‌లో తెల్లటి తెర పెట్టి, దానికి ఆనించకుండా కొంచెం ఎత్తులో ఆ ముక్కను పట్టుకుని, ఫోన్‌తో ఫొటో తీసి రంగులు తిరగేశాను. ఆనిస్తే తెర చుక్కలు కూడా పడతాయి. రంగులు నీలంగా, అధ్వానంగా వచ్చాయి కానీ బొమ్మ స్పష్టంగానే ఉంది. ప్రింటు వేసేటప్పుడు ల్యాబ్ యంత్రం నెగెటివ్ అంచులను నాలుగు వైపులా కొంచెం కొంచెం వదిలేస్తుంది. మామూలు ఫొటోలో అది ఎవరికీ పట్టదు. తొమ్మిది మంది ఈ కొస నుంచి ఆ కొస దాకా నిలబడితే మాత్రం ఆ కాస్తలోనే ఒకడి భుజం పోతుంది.

నెగెటివ్‌లో వాడి భుజం ఉంది. చెయ్యీ ఉంది. ఆ చేతిలో మెస్‌లో టీ ఇచ్చే స్టీలు గ్లాసు ఉంది.

కొత్త ఫొటో మళ్లీ తెరిచి చూశాను. కుడి చివర అదే మనిషి, అదే చేతిలో టీ తాగే కాగితం కప్పు. మేమెవరం చెప్పి పట్టించింది కాదు. మేం వరుస కడుతుంటే గేటు బయట బండి దగ్గరికి వెళ్లి తెచ్చుకున్నాడు. 2001లో ఆలస్యం కూడా అందుకే అయి ఉంటుందని అప్పుడు తట్టింది. ఫోన్ చేసి అడిగాను. ‘లేకపోతే ఇంకెందుకు మామా, నాలుగున్నర దాటితే మెస్‌లో టీ అయిపోయేది’ అన్నాడు.

పాత క్యాప్షన్ కొట్టేశాను. ప్రింటు తీసేసి నెగెటివ్ నుంచి వచ్చిన బొమ్మనే, ఆ నీలం రంగుతోనే, ఎడమవైపు పెట్టి కింద ఇలా రాశాను:

‘2001: టీ కోసం వెళ్లొచ్చేసరికి చివరి చోటు మిగిలింది. 2024: చోటూ అదే, టీ ఇంకా అవలేదు. మధ్యలో ఖాళీ జాగా డల్లాస్‌వాడిది, ఎవరూ జరగొద్దు.’