క్యారెట్లకూ సమాన ఓటు హక్కు!

ప్రజాస్వామ్యం మీద నమ్మకం సన్నగిల్లుతోందని బాధపడేవాళ్లు ఒకసారి మా గోదావరి డెల్టాకి వచ్చి, పాత బంగారం తీసుకునే కొన్ని కొట్లలో ఓ పూట కూర్చోవాలని మనవి. కులం, డబ్బు, పరపతి ఇవేవీ చూడకుండా నడిచే సమానత్వం అక్కడుంది. అక్కడ బరువు కూడా చూడరు. నాలుగు కాసుల గొలుసుకి ఒక ఓటు, రెండు గ్రాముల చెవిపోగులకూ ఒక ఓటు. ఇంతకంటే న్యాయం ఏం కావాలి?

మా పిన్ని సంక్రాంతికి ముందు చించినాడ వంతెన దాటి అలాంటి కొట్టొకదానికి వెళ్లింది. మూడు వస్తువులు కరిగించి గాజులు చేయిద్దామని ఆవిడ ఆశ. మొదటిది 916 ముద్ర, అంటే వెయ్యి పాళ్లలో 916 పాళ్లు మేలిమి ఉన్న గొలుసు, 32 గ్రాములు. రెండోది 750 ముద్ర ఉన్న రాళ్లు తీసేసిన ఉంగరం, 6 గ్రాములు. మూడోది 585 చెవిపోగులు, రెండూ కలిపి 2 గ్రాములు. మొత్తం 40. కొట్టాయన కాలిక్యులేటర్ మీద 91.6, 75, 58.5 కూడి మూడుతో భాగించి, "డెబ్బై అయిదు వస్తోందండి, ఆయ్" అన్నాడు వినయంగా. ఆ లెక్కన మూసలోంచి వచ్చే ముద్దలో మేలిమి బంగారం 30 గ్రాములు.

ఈ తీర్పుని నేను మనస్ఫూర్తిగా సమర్థించేవాణ్ణే. అడ్డం వచ్చినదల్లా బంగారమే. దానికి సమానత్వం తెలీదు. గొలుసులో 32 గ్రాములకి 91.6 శాతం చొప్పున 29.31 గ్రాముల మేలిమి ఉంది. ఉంగరంలో 4.5, చెవిపోగుల్లో 1.17. మూడూ కలిపితే 34.98. మూసలో వెలిగారం వేసి ఎంత కరిగించినా ఆ 34.98 ఎక్కడికీ పోదు. దాన్ని 40తో భాగిస్తే 87.45 శాతం, అంటే 21 క్యారెట్లకి వెంట్రుకవాసి తక్కువ. ప్రజాస్వామ్యం ఖరీదు పిన్నికి దగ్గర దగ్గర 5 గ్రాములు, అంటే అరకాసుకి పైన.

ఇదే మా పిన్ని పొలం విషయంలో ఇలా ఊరుకోదు. పదెకరాల్లో ఎకరానికి 35 బస్తాలు పండి, మురుగు కాలవ పక్కనున్న అరెకరంలో మునిగిపోయి 5 బస్తాల లెక్కన వస్తే, "సగటు 20 బస్తాలండి" అన్న కౌలుదారుని గట్టు మీద నిలబెట్టి కడిగేస్తుంది. బంగారం దగ్గరికొచ్చేసరికి ఎందుకో అందరికీ మొహమాటం వచ్చేస్తుంది.

ఈ మొహమాటం లేని మనుషులు పూర్వం ఉండేవారు. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు లీలావతిలో దీనికి లెక్క చెప్పాడు: ఒక్కో ముక్క బరువుని దాని వన్నెతో గుణించి, అన్నీ కూడి, మొత్తం బరువుతో భాగించు. వన్నెలు పదహారు లెక్కన ఉన్న రోజులవి, ఇప్పుడు శాతాలు, అంతే తేడా. అంతటితో ఆగలేదు పెద్దాయన. కరిగించాక బరువు తగ్గితే, పాత బరువుతో కాక ఆ తగ్గిన బరువుతో భాగించమన్నాడు. వ్యాపారం మీద ఆయనకి బొత్తిగా దయ లేదని ఇక్కడే తెలిసిపోతోంది.

ఎందుకంటే మా కొట్టాయన రెండో పద్దు తరుగు. మూడు వస్తువులూ కరిగాక ముద్ద 39.6 గ్రాములు తూగిందనుకోండి. పోయిన 0.4 గ్రాములేమిటి? నగ మీది మట్టి, నూనె, లోపలి లక్క, కొంచెం రాగి కాలి తుప్పుగా మారి వెలిగారంలో కలిసిపోయినది. పాత టంకంలో కాడ్మియం ఉంటే అది 767 డిగ్రీల దగ్గరే ఆవిరైపోతుంది, మేలిమి బంగారం కరగడానికి 1064 కావాలి. అంటే పోయినవాటిలో దాదాపు అన్నీ బంగారం కానివే. మూస అంచున అంటుకున్న రవ్వలు గీరి తీసుకుంటే మేలిమి 34.98 అలాగే ఉంటుంది. 39.6తో భాగిస్తే 88.3. బరువు తగ్గితే టచ్, అంటే మేలిమి శాతం, పెరగాలన్నమాట. కానీ మన కొట్లో బరువు తగ్గించి, టచ్ మాత్రం పాతదే ఉంచుతారు. తరుగు ఒకసారి తూనికలో, ఇంకోసారి శాతంలో.

"మెషిన్ ఉందిగా, అది చెప్తుందిలే" అనేవాళ్లకి కూడా ఒక విన్నపం. ఆ ఎక్స్‌రే మెషిన్ చూసేది పైపైన కొన్ని మైక్రాన్ల లోతే. కరిగిన బంగారాన్ని సరిగ్గా కలియబెట్టకుండా పోస్తే ముద్దలో ఒక పక్క ఒకలా, ఇంకో పక్క ఇంకోలా చూపిస్తుంది. ఆమ్లంలో ముంచి తీసిన ముద్ద పైపొరలో రాగి కరిగిపోయి ఉంటే ఉన్నదానికంటే ఎక్కువే చూపిస్తుంది. కాబట్టి రెండు వైపులా, వీలైతే గీరిన చోట కూడా పెట్టి చూడమనండి. రీడింగులు తేడాగా వస్తే మళ్లీ కరిగించమనండి. అప్పటికీ అనుమానం ఉంటే కొంచెం ముక్క తీసి సీసంతో కలిపి కాల్చే పాత పద్ధతే గతి, హాల్‌మార్క్ కేంద్రాల్లో చివరి మాట దానిదే.

లెక్క సరిచేసుకుని పిన్ని 87.45 శాతం ముద్ద చేతపట్టుకుంది. ఇక గాజులు! కానీ మన హాల్‌మార్క్ గ్రేడుల్లో 20 క్యారెట్లుంది, 22 ఉంది, మధ్యలో 21 లేదు. 916 కావాలంటే ఈ 40 గ్రాములకి మేలిమి ఎంత కలపాలి? నేను అరగ్రామో, గ్రామో అనుకునేవాణ్ణి. లెక్క కడితే 19.74 గ్రాములు! 34.98కి 19.74 కలిపితే 54.72, మొత్తం బరువు 59.74, దాంతో భాగిస్తే 91.6. తేడా నాలుగు శాతమే కదా అనిపిస్తుంది గానీ, కలిపే ప్రతి గ్రాముతో మొత్తం బరువూ పెరుగుతుంది కదా. 8 గ్రాముల ఉంగరం, చెవిపోగులు పోనీలే అని గొలుసుతో పాటు మూసలో పడేస్తే, వాటి తప్పు దిద్దడానికి రెండున్నర కాసుల మేలిమి కొనాలి. గొలుసు విడిగా కరిగించి ఉంటే అది 916గానే గాజులయ్యేది, ఆ 8 గ్రాములు విడిగా అమ్ముకోవచ్చు. కలిపేశాక విడదీయాలంటే మళ్లీ ఆమ్లాలు, రిఫైనింగ్, దాని ఖర్చు.

ఇంత జరిగినా సమ సగటు విధానం రద్దు కాకూడదనే నా అభిప్రాయం. పైగా దాన్ని చట్టం చేయాలి. నా దగ్గర ఒక చిన్న పథకం కూడా ఉంది. 585 ముద్ర ఉన్న 40 గ్రాముల నగలకి ఒక్క గ్రాము మేలిమి బిళ్ల తోడిస్తాను. 58.5, 100 కూడి రెండుతో భాగిస్తే 79.25 శాతం. మొత్తం 41 గ్రాములకి ఆ లెక్కన 32.49 గ్రాముల మేలిమి నాకివ్వాలి. నేను నిజంగా ఇచ్చేది 24.4. ఒక్కో విడతకి కాసు బంగారం మిగులు!

ఈ మాట కొట్టాయనకి చెప్పాను. ఆయన కాలిక్యులేటర్ పక్కన పెట్టేసి, త్రాసు ముందుకి లాగాడు.

"అబ్బే, అలా కుదరదండి. బరువు చూసుకోవాలి కదండీ!"